అన్ని లెక్కలూ రాసింది, తన గంటలు తప్ప

రాత్రి తొమ్మిదిన్నర దాటినా భోగాపురం జంక్షన్‌లో ఒక బైకు ఆగి ఉండేది. దాని మీద ఒక నాన్న కూకుని, హైవే మీద వొచ్చిన ప్రతి బస్సూ, ప్రతి ఆటో వైపూ చూసేవాడు. కూతురి డ్యూటీ సాయంత్రం ఆరుకే అయిపోవాలి. కానీ ఆమె ఏ బండికి దిగుతాదో ఆయనకీ తెలీదు, ఆమెకీ తెలీదు.

ఆ అమ్మాయిది మా వైపే. బీకాం చదివింది, టాలీ నేర్చుకుంది. ఎయిర్‌పోర్టు పనులు మొదలయ్యాక మన చుట్టుపక్కలకి కాంట్రాక్టర్లు, సబ్ కాంట్రాక్టర్లు వొచ్చారు కదా, అలాంటి ఒక కంపెనీలో అకౌంటెంటుగా చేరింది. నెలకి 18 వేలు. ఇంటికాడ నుంచి వెళ్లి రాగలిగే ఉద్యోగం. విశాఖలో హాస్టలు ఖర్చు లేదు. అందుకే ఏడాదిన్నర నోరు మెదపలేదు. పేరు రాయొద్దంది, రాయట్లేదు. కంపెనీ పేరూ వద్దు. కానీ చివరికి మేనేజరుకి ఎలగ చెప్పిందో మాత్రం రాయమంది. ఎందుకంటే చెప్పడానికి ముందు ఆమె చేసిన పని చాలామందికి తట్టదు.

పదకొండో తారీకు, ఇరవయ్యో తారీకు

అకౌంట్స్ పని నెలంతా ఒకేలా ఉండదు. బయటోళ్లకి ఇది తెలీదు. నెలలో కొన్ని తారీకులు మేకులు కొట్టినట్టు ఉంటాయి. ఏడో తారీకుకి టీడీఎస్ కట్టాలి. పదికి వృత్తి పన్ను. పదకొండుకి జీఎస్టీఆర్-1, అంటే మనం అమ్మిన బిల్లుల వివరం. పదిహేనుకి పీఎఫ్, ఈఎస్ఐ. ఇరవైకి జీఎస్టీఆర్-3బి, అంటే పన్ను కట్టే రిటర్ను. వీటి మధ్యలో పధ్నాలుగున జీఎస్టీఆర్-2బి వొస్తాది. మనకి సరుకు అమ్మినోళ్లు వాళ్ల రిటర్నుల్లో ఏ బిల్లులు చూపించారో దాంట్లో ఉంటాది. మన కొనుగోళ్ల లెక్క దాంతో సరిపోల్చుకుంటే గానీ ఎంత పన్ను వెనక్కి తీసుకోవచ్చో తేలదు.

తారీకులు ముందే తెలిసినవే. మరి రాత్రి తొమ్మిది దాకా ఎందుకు? సైటు నుంచి బిల్లులు తారీకు చూసుకుని రావు కాబట్టి. కంకర బిల్లు, డీజిల్ బిల్లు, జేసీబీ అద్దె బిల్లు అన్నీ సూపర్‌వైజరు బండి డిక్కీలో తిరుగుతాయి. తొమ్మిదో తారీకు సాయంత్రం ఒక ప్లాస్టిక్ సంచీలో అన్నీ కలిపి టేబుల్ మీద పడతాయి. అందులో కొన్ని వానకి తడిసినవి, కొన్నిటికి జీఎస్టీ నంబరు ఉండదు. ఒక్కో దానికి ఫోన్ చేసుకోవాలి. పదకొండుకి రిటర్ను పడకపోతే ఆ జరిమానా చిన్నదే. అసలు దెబ్బ వేరు. మన జీఎస్టీఆర్-1 ఆలస్యమైతే పై కాంట్రాక్టరుకి ఆ నెల 2బిలో మన బిల్లు కనపడదు. కనపడకపోతే ఆళ్లు పేమెంట్ ఆపేస్తారు. పేమెంట్ ఆగితే కూలోళ్లకి శనివారం డబ్బులుండవు. ఇదంతా ఆ అమ్మాయికి తెలుసు. అందుకే కూకుని చేసేది. "నేను చెయ్యకపోతే ఆళ్ల కూలి ఆగిపోతాది కదా" అనుకునేది. పని చేసేవాళ్లలో మంచి బుద్ధి ఉన్నోళ్లే ఇలగ ముందు ఇరుక్కుంటారు.

తొమ్మిదితో భాగించిన రోజు

ఆమెని కదిపింది ఒంటి నొప్పీ కాదు, నిద్ర లేమీ కాదు. ఒక తప్పు.

ఒక నెల 2బి సరిపోల్చుతుంటే కంకర కొన్న ఒక బిల్లు దగ్గర లెక్క ఆగింది. పోర్టల్లో ఆ బిల్లు విలువ 63,400. ఈమె పుస్తకంలో 36,400. తేడా 27,000. అకౌంట్స్ నేర్పేవాళ్లు చెప్పే పాత కిటుకు ఒకటుంది: తేడాని 9తో భాగించి చూడు, శేషం లేకుండా పోతే రెండు అంకెలు తారుమారు అయ్యాయేమో చూసుకో. 27,000ని 9తో భాగిస్తే సరిగ్గా 3,000. ఆరూ మూడూ తిరగబడ్డాయి. ఈ కిటుకు ఒక్కటే రుజువు కాదు. ఒక సున్నా ఎక్కువో తక్కువో పడ్డా తేడా 9తో పోతాది. కానీ ఎక్కడ వెతకాలో చెప్తాది.

దిద్దీసింది. కంకర మీద 5 శాతం పన్ను, 27,000 మీద 1,350 రూపాయల క్రెడిట్ పోయేది, దొరికింది. అక్కడితో వదిలీవొచ్చు. కానీ ఆ ఎంట్రీ ఎప్పుడు వేసానా అని చూసింది. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ నమోదవ్వాలని 2023 ఏప్రిల్ 1 నుంచి రూలు ఉంది. టాలీలో దాన్ని ఎడిట్ లాగ్ అంటారు. ఎవరు వేసారు, ఏ తారీకు, ఎన్ని గంటలకి, తర్వాత ఏటి మార్చారు అన్నీ దాంట్లో ఉంటాయి. కంకర బిల్లు ఎక్కిన టైము రాత్రి 8:50.

అప్పుడామెకి ఒక మాట తట్టింది. కంపెనీలో పైసా పైసా లెక్క నా చేతి మీద ఉంది. డీజిల్ ఎన్ని లీటర్లు, జేసీబీ ఎన్ని గంటలు, అన్నీ రాస్తన్నాను. జేసీబీకి గంటల లాగ్ ఉంది గానీ నాకు లేదు.

నాలుగు వారాల నోటుబుక్కు

ఆ తర్వాతి నెల మొదటి తారీకు నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టింది. రోజుకి మూడే మూడు రాసింది: ఎన్నింటికి కూకుంది, ఎన్నింటికి లేచింది, ఆరు దాటాక చేసిన పని ఏటి. దానికి రోజూ రెండు నిమిషాలు. ఇంటికొచ్చాక ఫోనులో చేసిన పని కూడా రాసింది. వాట్సాప్‌లో "ఆ ఇన్వాయిస్ ఒకసారి పంపమ్మా" అన్నది కూడా పనే.

రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త పడింది. గుర్తు తెచ్చుకుని వారం చివర రాయలేదు, అలగ రాస్తే మనకి కోపం వచ్చిన రోజులే పెద్దగా కనపడతాయి. తీరిగ్గా కబుర్లు చెప్పిన అరగంట కూడా మినహాయించింది. ఎందుకంటే ఎదుటివాడు మొదట పట్టుకునేది దాన్నే.

వారానికి ఆరు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు, అంటే 48. నాలుగు వారాలకి 192. నోటుబుక్కులో మొదటి వారం 62, రెండో వారం 71, మూడో వారం 68, నాలుగో వారం 55. మొత్తం 256. అంటే 64 గంటలు ఎక్కువ. ఎనిమిది గంటల రోజులుగా చూస్తే ఎనిమిది రోజులు. నెలలో ఇంకో ఎనిమిది రోజులు ఎవరికీ కనపడకుండా పని చేసిందన్నమాట.

తర్వాత ఆ 64 గంటల్ని విడగొట్టింది. ఇదే అసలు పని. సైటు బిల్లుల కోసం ఎదురుచూడ్డం, ఫోన్లు, చివర్లో ఒకేసారి ఎక్కించడం: 26 గంటలు. కూలీల హాజరు కాగితం మీద వొస్తాది, దాన్ని ఎక్సెల్‌లో ఒకసారి, టాలీలో ఇంకోసారి కొట్టడం: 18 గంటలు. సాయంత్రం ఆరు తర్వాత మేనేజరు ఇచ్చే చిన్న చిన్న పనులు, కొటేషన్లు, లెటర్లు: 12 గంటలు. తన తప్పులు తనే దిద్దుకోవడం: 8 గంటలు.

ఎడిట్ లాగ్‌లో చూస్తే ఆ నెల దిద్దినవి 23 ఎంట్రీలు. అందులో 17 రాత్రి ఏడు దాటాక వేసినవే.

ఈ లెక్క చూసాక ఆమెకే తెలిసింది, తను చెప్పాల్సింది "నాకు పని ఎక్కువైపోయింది సార్" అని కాదని. అలగంటే ఎదుటాయన "అందరికీ ఎక్కువే కదమ్మా" అంటాడు. మాట అక్కడే చచ్చిపోతాది. పని ఎక్కడ ఎక్కువైందో చూపిస్తే అది ఆయన విప్పాల్సిన ముడి అవుతాది.

ఎప్పుడు చెప్పింది, ఏటి చెప్పింది

పదో తారీకున చెప్పలేదు, పంతొమ్మిదిన చెప్పలేదు. ఆ రోజుల్లో మేనేజరు బుర్రలో రిటర్ను తప్ప ఇంకేటీ ఉండదు. 3బి పడిపోయాక, 24న, ముందు రోజే మెసేజ్ పెట్టింది: "సార్, రేపు 20 నిమిషాలు మీతో మాట్లాడాలి. పని గురించే." గుమ్మం దగ్గర నిలబడి చెప్పలేదు. కుర్చీలో కూకుని, ఒక్క పేజీ కాగితం టేబుల్ మీద పెట్టి చెప్పింది.

"సార్, నాలుగు వారాల్లో 256 గంటలు పని చేసాను. చెయ్యాల్సింది 192. మిగతా 64 ఎక్కడికెళ్లాయో దీంట్లో రాసాను. ఒక్కసారి చూడండి."

ఆయన కాగితం చూడకుండానే అన్నాడు: "అమ్మా, అకౌంట్స్ అన్నాక అంతే. నీ వయసులో నేను మార్చి నెలంతా ఆఫీసులోనే పడుకునీవోడిని."

ఇక్కడ చాలామంది తగ్గిపోతారు, లేకపోతే గొంతు పెంచుతారు. ఆమె రెండూ చెయ్యలేదు. "మార్చిలో నాను కూడా ఉంటాను సార్. కానీ ఇది మార్చి కాదు, ప్రతి నెలా ఇంతే. రాత్రి వేసిన ఎంట్రీ తెల్లారి నానే దిద్దుకుంటన్నాను. కంకర బిల్లు అలగే తప్పు పడింది. నాకు దొరికింది కాబట్టి సరిపోనాది. దొరకని వాటి గురించి నాకు భయంగా ఉంది."

ఆ మాటకి ఆయన కాగితం తీసుకున్నాడు. తప్పు దొరక్కపోతే ఆడిటరు ముందు నిలబడాల్సింది ఆయనే కదా.

తర్వాత ఆమె మూడు అడిగింది. ఒకటి, సైటు బిల్లులు ప్రతి శనివారం ఫోటో తీసి పంపాలి, నెల బిల్లులన్నీ తర్వాతి నెల మూడో తారీకు లోపల చేతికి రావాలి, ఆ తర్వాత వొచ్చినవి ఆ నెల లెక్కలోకి తీసుకోను. రెండు, హాజరు సైటులోనే ఎక్సెల్ షీటులో వెయ్యాలి, అదే షీటు టాలీలోకి ఎక్కించుకుంటాను, రెండుసార్లు కొట్టను. మూడు, ఆరు తర్వాత కొత్త పని ఇస్తే, చేతిలో ఉన్న దేన్ని రేపటికి పెట్టమంటారో మీరే చెప్పాలి.

మూడోది వినడానికి చిన్నదే, కానీ గట్టిది. పని ఇచ్చేవాడికి పని బరువు తెలీదు, ఎందుకంటే ఇచ్చిన ప్రతిసారీ "అలాగే సార్" అనే మాటే వినపడతాది. "ఏది ఆపమంటారు?" అని అడిగితే ఎంచుకునే భారం ఆయన మీదకెళ్తాది. ఆమె కాదన్లేదు, ఎదురు చెప్పలేదు. వరస మాత్రం ఆయన్నే చెప్పమంది.

మేనేజరు మొదటి రెండిటికీ సరే అన్నాడు. మూడో దానికి "చూద్దాం" అన్నాడు. ఇంకో మనిషిని పెట్టమంటే, "ఓనరుగారు ఒప్పుకోరు" అన్నాడు. బయటకొచ్చాక ఆ సాయంత్రమే ఆయనకి ఒక మెయిల్ పెట్టింది. నాలుగే లైన్లు: ఈ రోజు మాట్లాడుకున్నవి ఇవీ, ఒప్పుకున్నవి ఇవీ, ఫలానా తారీకు నుంచి మొదలు. నోటి మాట వారం తిరక్కుండానే మర్చిపోతారు, కాగితం మీద ఉన్నది మర్చిపోరు.

చట్టం ఏమంటుంది

ఆమె ఓవర్‌టైమ్ అడగలేదు. అడగకపోవడం ఆమె ఇష్టం. కానీ అడిగే హక్కు ఉందో లేదో తెలిసి ఉండాలి.

మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. పేరులో దుకాణాలని ఉన్నా ప్రైవేటు ఆఫీసులు కూడా దీని కిందకే వొస్తాయి. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది దాంట్లో ఉండేది. 2025లో మన ప్రభుత్వం దాన్ని సవరించి రోజు హద్దుని 10 గంటలకి పెంచింది. వారానికి 48 మాత్రం అలగే ఉంది. అంటే ఒక రోజు పది గంటలు చేయించుకోవచ్చు, కానీ వారం మొత్తం 48 దాటితే అది ఓవర్‌టైమే. దానికి మామూలు జీతానికి రెట్టింపు ఇవ్వాలి.

ఆమెకి ఎంతొస్తాదో చూద్దాం. 18,000ని 26 రోజులతో, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకి 86 రూపాయల 50 పైసలు. రెట్టింపు 173. 64 గంటలకి దగ్గర దగ్గర 11 వేలు. అంటే ప్రతి నెలా సగం జీతం కంటే ఎక్కువ విలువైన పని కంపెనీకి ఊరికే పోతాంది. ఈ పద్దు ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనపడదు.

దీనికి హద్దులున్నాయి. సంస్థ వ్యవహారాలు నిజంగా తమ అదుపులో ఉన్న పై పదవులోళ్లకి గంటల రూలు పట్టదు. అందుకే కొందరు యజమానులు చిన్న ఉద్యోగికి కూడా "అసిస్టెంట్ మేనేజర్" అని పేరు తగిలిస్తారు. పేరుని బట్టి కాదు, చేసే పనిని బట్టి చూడాలి. సంస్థ సైజుని బట్టి కూడా రూళ్లు మారతాయి. మీ ఆఫీసుకి ఏది పడతాదో సహాయ కార్మిక అధికారి ఆఫీసులో అడిగితే చెప్తారు. అక్కడికెళ్లినా మొదట అడిగేది గంటల రికార్డే. నోటుబుక్కు అక్కడా పనికొస్తాది.

పుణెలో జరిగింది

"ఇంతదానికి ఇంత లెక్కా?" అనేవాళ్లకి ఒక మాట. 2024 మార్చిలో కేరళ అమ్మాయి అన్నా సెబాస్టియన్ పెరయిల్, వయసు 26, సీఏ పాసై పుణెలోని ఈవై ఆఫీసులో చేరింది. నాలుగు నెలలకి, జులైలో చనిపోయింది. సెప్టెంబరులో వాళ్లమ్మ అనితా అగస్టిన్ ఆ సంస్థ చైర్మన్‌కి రాసిన ఉత్తరం దేశమంతా చదివింది. రాత్రుళ్లు, సెలవు రోజులు కూడా పనేనని, కొత్తగా చేరిన పిల్ల మీద మోయలేనంత బరువు పెట్టారని ఆ తల్లి రాసింది. పని ఒత్తిడి వల్లే ప్రాణం పోయిందంటే నమ్మలేమని సంస్థ అంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ కేసుని తనంతట తనే తీసుకుంది.

ఆ ఒక్క మరణానికి కారణం ఏదో మనం తేల్చలేం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో బయటపెట్టిన లెక్క ఒకటుంది. వారానికి 55 గంటలు, అంతకంటే ఎక్కువ పని చేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ. మన అమ్మాయి నోటుబుక్కులో ఏ వారమూ 55కి తగ్గలేదు.

రెండు నెలల తర్వాత

అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమే. సూపర్‌వైజరు మొదటి రెండు శనివారాలు ఫోటోలు పంపలేదు. మూడో తారీకు దాటి వొచ్చిన ఐదు బిల్లుల్ని ఆమె నిజంగానే తర్వాతి నెలకి తోసీసింది. ఆ నెల కంపెనీకి కొంత క్రెడిట్ ఆలస్యమైంది, మేనేజరు ఫోన్ తీసి సూపర్‌వైజరు మీద అరిచాడు. అప్పటి నుంచి బిల్లులు బేగి వొస్తన్నాయి. ఆ అరుపు ఇంతకుముందు ఈమె మీద పడేది.

హాజరు షీటు కుదిరింది. ఆరు తర్వాత పనులు సగమే తగ్గాయి. రెండో నెల నోటుబుక్కులో వారానికి సగటున 51 గంటలు. 48 కాదు, కానీ 64 కూడా కాదు. తారీకుల దగ్గర ఇంకా ఆలస్యమవుతాది. రెండో మనిషి రాలేదు, జీతం పెరగలేదు. ఏడు దాటాక వేసిన ఎంట్రీల్లో తప్పులు మాత్రం ఆ నెల మూడే దొరికాయి.

"ముందే చెప్పాల్సింది కదా?" అని అడిగాను. "ముందు చెప్పడానికి నా దగ్గర ఏటుంది? అలిసిపోయానన్న మాట ఒక్కటే ఉంది. ఆళ్లకి నెక్క కావాలి" అంది.

మేనేజరు కాగితం చించి బుట్టలో పడీసుంటే ఏటి చేసేదానివని కూడా అడిగాను. "అప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకుని ఇంకో ఉద్యోగం ఎతుక్కునేదాన్ని. కొత్త చోట జీతం మాట్లాడినప్పుడు, నెలకెన్ని గంటలకి ఈ జీతమో ముందే అడిగేదాన్ని" అంది.

వాళ్ల నాన్న ఇప్పుడు ఏడింటికి జంక్షన్‌కి వొస్తన్నాడు. పదకొండో తారీకుకి, ఇరవయ్యో తారీకుకి మాత్రం తొమ్మిదికి. ఆ రెండు రోజులూ ఇంట్లో క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో చుట్టింది. ఎప్పుడు దిగుతాదో ఇప్పుడు ఆయనకి ముందే తెలుసు.